ఉత్పత్తిలో ఉన్న వస్తువుపై ఏటా వ్యయం తగ్గించడం – కైజెన్ కాస్టింగ్

లక్ష్య వ్యయ పద్ధతి గురించి ఇంతకు ముందు పాఠంలో తెలుసుకున్నారు. అది కొత్త వస్తువుకు సంబంధించినది. వస్తువు ఇంకా కాగితం మీద ఉండగానే మార్కెట్ ధరను అంచనా వేసి, అందులోంచి కావలసిన లాభాన్ని తీసివేసి, మిగిలిన మొత్తానికి లోబడి వస్తువును రూపొందిస్తారు. మరి ఉత్పత్తి మొదలై కొన్ని సంవత్సరాలు గడిచిన వస్తువు సంగతి ఏమిటి? దాని డిజైన్ ఖరారైంది, యంత్రాలు బిగించారు, ధర మార్కెట్టులో స్థిరపడింది. అటువంటి వస్తువుపై సంవత్సరానికి ఇంత అని వ్యయ తగ్గింపు లక్ష్యం పెట్టుకుని, దాన్ని విభాగాల వారీగా పంచి, నెలనెలా సాధించే పద్ధతిని కైజెన్ కాస్టింగ్ అంటారు. జపాన్ భాషలో 'కై' అంటే మార్పు, 'జెన్' అంటే మంచి. జపాన్ అకౌంటెంట్లు ఈ పద్ధతిని 'గెంకా కైజెన్' అంటారు. 'గెంకా' అంటే వ్యయం.

ఈ పద్ధతిలో నిర్వచనం సులభం. కష్టమంతా లక్ష్యాన్ని లెక్కకట్టడంలోనూ పంచడంలోనూ ఉంది. అందుకే ఈ పాఠంలో ఆ రెండింటి మీదే ఎక్కువ సేపు నిలుద్దాం.

లక్ష్యం ఎక్కడి నుంచి వస్తుంది?

యసుహిరో మోండెన్, కజుకి హమడ అనే ఇద్దరు పరిశోధకులు 1991లో జపాన్ కార్ల కంపెనీల వ్యయ పద్ధతులను వివరిస్తూ ఒక వ్యాసం ప్రచురించారు. డైహట్సు మోటార్ కంపెనీ తన కర్మాగారాలకు వార్షిక లక్ష్యాన్ని నిర్ణయించే క్రమం అందులో ఉంది. ఆ క్రమాన్ని మన మాటల్లో ఇలా రాసుకోవచ్చు.

గత సంవత్సరం ఒక యూనిట్ వాస్తవ వ్యయం = గత సంవత్సరం మొత్తం వాస్తవ వ్యయం ÷ గత సంవత్సరం ఉత్పత్తి

ఈ సంవత్సరం అంచనా వ్యయం = గత సంవత్సరం యూనిట్ వాస్తవ వ్యయం × ఈ సంవత్సరం ఉత్పత్తి అంచనా

మొత్తం కైజెన్ లక్ష్యం = ఈ సంవత్సరం అంచనా వ్యయం × తగ్గింపు రేటు

ఒక విభాగం లక్ష్యం = మొత్తం కైజెన్ లక్ష్యం × (ఆ విభాగం నేరుగా అదుపు చేయగల వ్యయం ÷ అన్ని విభాగాలూ అదుపు చేయగల మొత్తం వ్యయం)

మొదటి సూత్రంలో 'వాస్తవ' అనే మాటను గమనించండి. ప్రమాణ వ్యయ పద్ధతిలో ఇంజనీర్లు ముందుగా ఒక ప్రమాణం నిర్ణయిస్తారు. వాస్తవ వ్యయం దానికి సమానంగా వస్తే విచలనం సున్నా, పని బాగున్నట్లే. కైజెన్ కాస్టింగ్‌లో అటువంటి ప్రమాణం లేదు. నిన్నటి వాస్తవ వ్యయమే ఈ రోజుకు గరిష్ఠ పరిమితి. కాబట్టి ఇక్కడ విచలనం అంటే ప్రమాణ వ్యయానికీ వాస్తవ వ్యయానికీ మధ్య తేడా కాదు. తగ్గిస్తామన్న మొత్తానికీ తగ్గించిన మొత్తానికీ మధ్య ఉన్న తేడా.

నాలుగో సూత్రంలో 'అదుపు చేయగల' అనే మాట మరీ ముఖ్యమైనది. దానిని వదిలేస్తే ఏమవుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం.

అర లీటరు పాల ప్యాకెట్

మన ప్రాంతంలో ఏళ్ల తరబడి రూపం మారకుండా, రోజూ లక్షల సంఖ్యలో తయారయ్యే వస్తువు ఏదని అడిగితే పాల ప్యాకెట్ అని చెప్పవచ్చు. విజయవాడ చిట్టినగర్ పాల ఫ్యాక్టరీ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. కృష్ణా జిల్లా పాల ఉత్పత్తిదారుల పరస్పర సహాయ సహకార సంఘం 'విజయ' పేరుతో పాలు అమ్ముతుంది. పాలు పోసే రైతులే ఇటువంటి సంఘాలకు యజమానులు. ఈ సంగతిని గుర్తుంచుకోండి, లెక్కలో ఇది తిరిగి వస్తుంది. అయితే కింది అంకెలు ఆ సంఘానివి కావు. కృష్ణా డెల్టాలో ఒక సహకార డెయిరీ ఉందనుకుని, లెక్క సులభంగా ఉండేలా ఊహించినవి.

ఈ డెయిరీ గత సంవత్సరం అర లీటరు టోన్డ్ పాల ప్యాకెట్లు 3.60 కోట్లు తయారు చేసింది. మొత్తం వాస్తవ వ్యయం రూ. 86.40 కోట్లు, అంటే ప్యాకెట్‌కు రూ. 24.00. దాని విభజన ఇది.

| వ్యయం | ప్యాకెట్‌కు రూ. |
|---|---|
| ప్యాకెట్‌లోని 500 మి.లీ. పాల ధర, లీటరు రూ. 40 చొప్పున | 20.00 |
| సేకరణ విభాగం: శీతలీకరణ కేంద్రాలు, ట్యాంకర్లు | 0.80 |
| ప్రాసెసింగ్ విభాగం: ఆవిరి, కరెంటు, శుభ్రపరిచే రసాయనాలు, మరమ్మతులు, పైపుల్లో పోయే పాలు | 1.00 |
| ప్యాకింగ్ విభాగం: ఫిల్మ్, ఎక్కువ నింపిన పాలు, కారిపోయిన పాలు | 0.60 |
| పంపిణీ విభాగం: వ్యాన్లు, ట్రేలు | 0.60 |
| జీతాలు, కార్యాలయం, తరుగుదల, వడ్డీ | 1.00 |
| మొత్తం | 24.00 |

ఈ సంవత్సరం 4 కోట్ల ప్యాకెట్లు అమ్ముడవుతాయని అంచనా. ఉత్పత్తి పెరగడంతో అదనపు షిఫ్టు, వార్షిక ఇంక్రిమెంట్ల వల్ల చివరి పద్దు కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుందని అనుకుందాం. అప్పుడు అంచనా వ్యయం 4 కోట్లు × రూ. 24 = రూ. 96 కోట్లు. ఏజెంట్ల కమీషన్ పోగా ప్యాకెట్‌కు డెయిరీకి చేరేది రూ. 24.60 అనుకుంటే రాబడి రూ. 98.40 కోట్లు, లాభం రూ. 2.40 కోట్లు.

పాలకవర్గానికి రూ. 3.20 కోట్లు కావాలి. రైతులకు బోనస్ చెల్లించాలి, ఒక పాత యంత్రాన్ని మార్చాలి. లోటు రూ. 80 లక్షలు. సొంత బూత్‌లలో అమ్మకాలు పెంచి కమీషన్ మిగిల్చుకుంటే రూ. 32 లక్షలు వస్తాయని మార్కెటింగ్ విభాగం ఒప్పుకుంది. మిగిలిన రూ. 48 లక్షలు వ్యయ తగ్గింపు ద్వారా రావాలి. రూ. 96 కోట్లలో ఇది 0.5 శాతం, ప్యాకెట్‌కు 12 పైసలు. తగ్గింపు రేటు ఎవరో అలవాటుగా వేసిన అంకె కాదనీ, కావలసిన లాభం నుంచి వెనక్కి లెక్కిస్తే వచ్చిందనీ గమనించండి. 'ఈ ఏడాది అందరూ 5 శాతం తగ్గించండి' అనే ఉత్తర్వు కైజెన్ కాస్టింగ్ కాదు.

12 పైసలను ఎవరి మీద వేయాలి?

మొత్తం వ్యయం నిష్పత్తిలో పంచితే ఏమవుతుందో ముందు చూడండి. రూ. 24లో రూ. 20 పాల ధరే. కాబట్టి రూ. 48 లక్షలలో రూ. 40 లక్షలు పాల ధర పద్దు మీద పడతాయి. ఏడాదికి వాడే పాలు 2 కోట్ల లీటర్లు కనుక ఇది లీటరుకు 20 పైసలు. రైతుకు ఇచ్చే ధర 20 పైసలు తగ్గిస్తూ ఒక సర్క్యులర్ పంపితే లక్ష్యంలో అధిక భాగం ఒక్క రోజులో నెరవేరుతుంది. డెయిరీ పుస్తకాల్లో వ్యయం తగ్గినట్లే కనిపిస్తుంది. కానీ ఫ్యాక్టరీలో ఒక్క చుక్క పాలు గాని, ఒక్క యూనిట్ కరెంటు గాని ఆదా కాలేదు. డెయిరీ జేబులోంచి పోవలసింది రైతు జేబులోంచి పోయింది. పైగా ఏ రైతుకు బోనస్ ఇవ్వడానికి ఈ లెక్క మొదలుపెట్టామో ఆ రైతు దగ్గర నుంచే తీసుకున్నాం. సేకరణ కేంద్రంలో వెన్న శాతాన్ని కిందికి సవరించి రాసుకోవడం కూడా ఇదే కోవలోనిది, అది ఇంకా అన్యాయమైనది.

అందుకే పంపిణీ అదుపు చేయగల వ్యయాల నిష్పత్తిలో జరగాలి. మన పట్టికలో నాలుగు విభాగాల చేతుల్లో ఉన్నది 0.80 + 1.00 + 0.60 + 0.60 = రూ. 3.00. దీని ప్రకారం సేకరణకు రూ. 12.8 లక్షలు, ప్రాసెసింగ్‌కు రూ. 16 లక్షలు, ప్యాకింగ్‌కు, పంపిణీకి రూ. 9.6 లక్షల చొప్పున వస్తాయి. ఇప్పుడు ఒక విషయం బయటపడుతుంది. మొత్తం మీద అర శాతంగా కనిపించిన లక్ష్యం, విభాగాల అదుపులో ఉన్న మూడు రూపాయల మీద 4 శాతం. పాలకవర్గానికి చిన్నదిగా కనిపించే రేటు షాప్ ఫ్లోర్ మీద పనిచేసేవారికి ఎందుకు బరువుగా ఉంటుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

పాల ధర ఫ్యాక్టరీ అదుపులో లేదన్నాం. కానీ పాల పరిమాణం అలా కాదు. 500 మి.లీ. ప్యాకెట్‌కు ఎన్ని మి.లీ. పాలు ఖర్చవుతున్నాయన్నది పూర్తిగా ఫ్యాక్టరీ చేతిలోనిదే. అందుకే పట్టికలో ఎక్కువ నింపిన పాలను, కారిపోయిన పాలను మొదటి వరుసలో కలపకుండా ఆయా విభాగాల కింద చూపాం. ధర, పరిమాణం విడదీయకపోతే అదుపు చేయగల వ్యయం మన కంటికి కనిపించదు.

ప్యాకింగ్ విభాగంలో 2.4 పైసలు

ప్యాకింగ్ విభాగం ప్యాకెట్‌కు 2.4 పైసలు తగ్గించాలి. దాని 60 పైసల వ్యయంలో ఫిల్మ్ 40 పైసలు, ఎక్కువ నింపిన పాలు 12 పైసలు, కారిపోయిన పాలు 8 పైసలు. లీటరు రూ. 40 అంటే ఒక మి.లీ. 4 పైసలు. అంటే సగటు ప్యాకెట్‌లో 503 మి.లీ. పోస్తున్నారు, మరో 2 మి.లీ. చిరిగిన ప్యాకెట్లలో పోతున్నాయి.

503 అని ఎలా తెలుస్తుంది? ప్యాకెట్‌ను తూకం వేసి. టోన్డ్ పాల సాంద్రత సుమారు 1.03, కాబట్టి 500 మి.లీ. పాలు 515 గ్రాములు తూగుతాయి. ఫిల్మ్ బరువును కూడా లెక్కించవచ్చు. 325 మి.మీ. వెడల్పు, 150 మి.మీ. పొడవు, 50 మైక్రాన్ల మందం ఉన్న ముక్క, 0.92 సాంద్రతతో దాదాపు 2.2 గ్రాములు. కనుక సరైన ప్యాకెట్ 517.2 గ్రాములు తూగాలి. పాలు 503 మి.లీ. ఉంటే త్రాసు సుమారు 520.3 గ్రాములు చూపుతుంది. ప్రతి అరగంటకు ఒక్కో నింపే హెడ్ నుంచి ఐదు ప్యాకెట్లు తీసి తూచి రాసుకుంటే వారం రోజుల్లో పరిస్థితి అర్థమవుతుంది.

ప్రమాణ వ్యయ పద్ధతిలో ఈ 3 మి.లీ.ను చాలాచోట్ల 'అనుమతించిన నష్టం'గా ప్రమాణంలోనే చేర్చేస్తారు. అప్పుడు విచలనం సున్నా, దాని గురించి అడిగేవారుండరు. కైజెన్ కాస్టింగ్‌లో ఎందుకు అని అడుగుతారు. జవాబు సాధారణంగా యంత్రం నడిపేవారి దగ్గరే ఉంటుంది. ప్యాకెట్లు అన్నీ సమానంగా నిండవు, ఒకటి 499, ఇంకొకటి 507. తూనికలు, కొలతల శాఖ తనిఖీకి వస్తే తక్కువ నిండిన ప్యాకెట్లు దొరకకూడదని ఆపరేటర్ సెట్టింగ్‌ను కొంచెం పైకి పెట్టుకుంటాడు. అతని జాగ్రత్తలో తప్పు లేదు. అసలు సమస్య సగటు కాదు, హెచ్చుతగ్గులు.

కాబట్టి క్రమం తప్పకూడదు. ముందు హెచ్చుతగ్గులు తగ్గించాలి, తరువాతే సగటు దించాలి. పాలు పై ట్యాంకు నుంచి గురుత్వం వల్ల దిగి, వాల్వు తెరిచి ఉన్న సమయాన్నిబట్టి నిండే యంత్రాల్లో ట్యాంకులో పాల మట్టం మారితే ప్యాకెట్ పరిమాణమూ మారుతుంది. మట్టాన్ని నిలకడగా ఉంచే ఫ్లోట్ వాల్వు సరిచేయడం, నురుగు రాకుండా చూడడం, అరిగిన వాల్వు సీట్లు మార్చడం వంటివి వేల రూపాయల్లో అయ్యే పనులు. ఇవి చేశాక సగటును 503 నుంచి 502.6కు దించారనుకోండి. 0.4 మి.లీ. × 4 పైసలు = 1.6 పైసలు ఆదా. ఈ పనులు చేయకుండా సెట్టింగ్ మాత్రమే దించితే అంతే ఆదా కాగితం మీద వస్తుంది, కానీ తక్కువ నిండిన ప్యాకెట్లు వినియోగదారుని ఇంటికి చేరతాయి. ఈ రెండింటి తేడా సగటులో కనిపించదు. తూకాల పట్టికలో అత్యల్ప అంకెలను చూస్తేనే తెలుస్తుంది.

మిగిలిన 0.8 పైసలు ఫిల్మ్‌లో వెతికారు. ప్యాకెట్ పొడవును 150 నుంచి 147 మి.మీ.కు తగ్గిస్తే ఫిల్మ్ 2 శాతం ఆదా, అంటే 40 పైసల మీద సరిగ్గా 0.8 పైసలు. లక్ష్యం పూర్తయినట్లే కనిపిస్తుంది. అయితే ప్యాకెట్ బిగువైతే ట్రేలో విసిరినప్పుడు అడ్డ సీలు మీద ఒత్తిడి పెరుగుతుంది. కారిపోయే పాలు సగటున 2 మి.లీ. నుంచి 2.2 మి.లీ.కి పెరిగినా 0.2 × 4 = 0.8 పైసలు నష్టం, ఫిల్మ్‌లో వచ్చిన ఆదా మొత్తం పోతుంది. ఇంకో చిక్కు ఏమిటంటే, ఆ లీకులు ప్యాకింగ్ హాలులో కాక తెల్లవారుజామున వ్యాన్లలో, ఏజెంట్ల దగ్గర బయటపడతాయి. తిరిగివచ్చిన ప్యాకెట్ల ఖర్చును పంపిణీ విభాగానికి రాస్తే, ప్యాకింగ్ విభాగం లక్ష్యం సాధించినట్లూ పంపిణీ విభాగం విఫలమైనట్లూ నివేదిక వస్తుంది. ఒక విభాగం ఆదాను ఒప్పుకునే ముందు పక్క విభాగం అంకెలు చూడాలనే నియమం అందుకే.

ప్రాసెసింగ్ విభాగంలో కూడా ఇటువంటి చిన్న అవకాశాలే ఉంటాయి. పాలను 72 డిగ్రీల సెల్సియస్ వద్ద 15 సెకన్లు పాశ్చరీకరించాలన్న నియమాన్ని ముట్టుకోకూడదు. కానీ వేడినిచ్చాక ఆవిరి నీరుగా మారి కాలువలోకి పోతుంటే దానిని బాయిలర్‌కు తిప్పుకోవచ్చు. బాయిలర్‌లోకి వెళ్లే నీటి వేడి ప్రతి 6 డిగ్రీలు పెరిగితే ఇంధనం సుమారు 1 శాతం మిగులుతుందని బాయిలర్ నడిపేవారు లెక్క వేస్తారు. 30 డిగ్రీల నీటికి బదులు 60 డిగ్రీల నీరు వెళితే దాదాపు 5 శాతం.

నెలవారీ కొలత

ఆదాను రూపాయల్లో మాత్రమే కొలిస్తే రెండు పొరపాట్లు జరుగుతాయి. ఒకటి ధరల వల్ల. ఫిల్మ్ తయారయ్యే ముడిసరుకు పెట్రోలియం నుంచి వస్తుంది. దాని ధర పెరిగి ఫిల్మ్ 40 పైసల నుంచి 42 పైసలైతే, 2 శాతం ఫిల్మ్ మిగిల్చిన విభాగం కూడా ఖర్చు పెంచినట్లే కనిపిస్తుంది. కనుక గ్రాములు, మి.లీ., యూనిట్లు కొలిచి, వాటిని సంవత్సరం మొదట్లో ఉన్న ధరలతో గుణించాలి. ధరల మార్పును కొనుగోలు విభాగం పద్దులో వేరుగా చూపాలి.

రెండోది రుతువుల వల్ల. డెల్టాలో చలికాలంలో పాలు సమృద్ధిగా వస్తాయి, వేసవిలో తగ్గుతాయి. విజయవాడ ఎండల్లో ట్యాంకర్‌లో వచ్చిన పాలను మళ్లీ చల్లబరచడానికి కరెంటు ఎక్కువ కావాలి, అదే సమయంలో ప్యాకెట్‌కు పడే ట్యాంకర్ ఖర్చు కూడా పెరుగుతుంది. మే నెలను జనవరితో పోలిస్తే ప్రతి విభాగమూ విఫలమైనట్లే ఉంటుంది. మే నెలను గత సంవత్సరం మే నెలతోనే పోల్చాలి. కార్ల కర్మాగారంలో పుట్టిన సూత్రాలను పాల ఫ్యాక్టరీకి తెచ్చినప్పుడు చేసుకోవలసిన సవరణ ఇది.

ఎక్కడ ఆగుతుంది?

లక్ష్యం నెరవేరి, ధరలు మారకపోతే యూనిట్ వ్యయం రూ. 23.88 అవుతుంది. వచ్చే సంవత్సరం లెక్క దీని మీద మొదలవుతుంది. పైకి వెళ్లే దారి మూసుకుపోతుంది, కిందికి మాత్రమే పోవాలి. కానీ కిందికి కూడా ఒక నేల ఉంది. ప్యాకెట్ సగటు 500 మి.లీ.కి తగ్గకూడదు, ఫిల్మ్ సీలు నిలవాలి. మూడు, నాలుగు సంవత్సరాల తరువాత మి.లీ.లో పదో వంతు కోసం వెతకవలసి వస్తే, తూకంలో మోసమో, రైతు ధరలో కోతో మొదలయ్యే ప్రమాదం ఉంది. ఆ దశలో తగ్గింపు రేటు దించాలి, లేదా కొత్త యంత్రం, కొత్త ప్యాకింగ్ రూపం ఆలోచించాలి. అప్పుడు మనం మళ్లీ లక్ష్య వ్యయ పద్ధతిలోకి వెళతాం.

ఈ పద్ధతి అన్నిచోట్లా పనికిరాదు కూడా. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో లారీ బాడీ కట్టే షెడ్డునే తీసుకోండి. ఒక లారీకి ధాన్యం బస్తాల బాడీ, ఇంకొక దానికి ఇసుక టిప్పర్. 'గత సంవత్సరం ఒక బాడీ సగటు వ్యయం' అనే అంకెకు అక్కడ అర్థం లేదు. మీటరు వెల్డింగ్‌కు ఎన్ని రాడ్లు, చదరపు మీటరుకు ఎంత పెయింటు వంటి పనుల స్థాయిలో మాత్రమే పోలిక కుదురుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

పై ఉదాహరణలో జీతాలు, కార్యాలయం, తరుగుదల, వడ్డీ పద్దు ఉత్పత్తితో పాటు పెరుగుతుందని అనుకున్నాం. అది గత సంవత్సరం లాగే రూ. 3.60 కోట్ల వద్ద నిలిచిపోతే ప్యాకింగ్ విభాగం లక్ష్యం ఎంత? ఆ పద్దును వేరు చేయకుండా గుణిస్తే, ప్యాకెట్‌కు ఎన్ని పైసల తగ్గుదల ఎవరూ ఏ పనీ చేయకుండానే కైజెన్ ఖాతాలోకి వస్తుంది?

సూచన: అంచనా వ్యయం (4 కోట్లు × రూ. 23) + రూ. 3.60 కోట్లు = రూ. 95.60 కోట్లు. లాభం రూ. 2.80 కోట్లు, లోటు రూ. 40 లక్షలు. మార్కెటింగ్ విభాగం ఇచ్చే రూ. 32 లక్షలు పోగా వ్యయ తగ్గింపు లక్ష్యం రూ. 8 లక్షలు. ప్యాకింగ్ వాటా రూ. 1.6 లక్షలు, అంటే ప్యాకెట్‌కు 0.4 పైసలు. స్థిర వ్యయం ప్యాకెట్‌కు రూ. 1.00 నుంచి 90 పైసలకు దానంతట అదే దిగుతుంది కాబట్టి రెండో ప్రశ్నకు జవాబు 10 పైసలు.